చెయ్యి అందితే చాలదు

ఒక ఇనుప పలక మీద 800 మిల్లీమీటర్ల పొడవు, 500 వెడల్పు, 150 ఎత్తు ఉన్న డబ్బా కూర్చుని ఉంది. డబ్బా అడుగు అంచు పలకను తాకే చోట నాలుగు వైపులా వెల్డింగ్ పడాలి. వెల్డర్ చేతికిస్తే టేబుల్ చుట్టూ తిరిగి పని ముగిస్తాడు. రోబోకు అప్పగించాలనుకున్న యజమాని కేటలాగ్ తెరుస్తాడు. ‘రీచ్ 1440 మి.మీ.’ అని కనిపిస్తుంది. డబ్బా అడ్డకొలత చూస్తే అర మీటరే, రోబో చెయ్యి దాదాపు మీటరున్నర. ఇక అనుమానం దేనికి?

అనుమానం ఉండాల్సిందే. డబ్బాను ఎక్కడ పెట్టినా ఆ రోబో నాలుగు వైపులా వెల్డింగ్ చెయ్యలేని పరిస్థితి రావచ్చు. అదే రోబో, అదే డబ్బా, టార్చ్ మెడ ఒక్కటి వంచితే పని జరగనూ వచ్చు. ఇందులో మాయ లేదు. కేటలాగ్ చెప్పే దూరం ఒక బిందువుకు సంబంధించినది. వెల్డింగ్‌కు బిందువు ఒక్కటే సరిపోదు, ఆ బిందువు దగ్గర టార్చ్ సరైన కోణంలో వాలి ఉండాలి. ఆ వాలు ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలంటే రోబో కీళ్ల లెక్క చూడాలి.

గాలిలో ఉన్న ఏ వస్తువునైనా ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో పూర్తిగా చెప్పాలంటే ఆరు సంఖ్యలు కావాలి. ముందుకు-వెనక్కు, కుడికి-ఎడమకు, పైకి-కిందికి అనేవి మూడు. ఆ మూడు దిశల చుట్టూ తిరిగే కోణాలు మరో మూడు. ఒకదానితో ఒకటి ముడిపడకుండా మారగల ఈ ఆరింటినీ డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటారు. రోబో పట్టుకున్న పనిముట్టును ఎక్కడైనా, ఎటైనా నిలపాలంటే రోబోకు కనీసం ఆరు కీళ్లు ఉండాలి. షాపుల్లో వీటినే యాక్సిస్‌లు అంటారు.

ఆర్క్ వెల్డింగ్‌కు మాత్రం నిజానికి ఐదు చాలు. టార్చ్ నుంచి బయటికి వచ్చే తీగ గుండ్రంగా ఉంటుంది. దాన్ని దాని నిడివి చుట్టూనే ఎంత తిప్పినా ఆర్క్‌కు తేడా తెలియదు. తీగ కొస ఎక్కడుండాలో చెప్పడానికి మూడు సంఖ్యలు, తీగ ఎటు వాలాలో చెప్పడానికి రెండు, అంతే. స్వీడన్ సంస్థ ఆసియా 1974లో తెచ్చిన ఐఆర్‌బీ 6కు ఐదే యాక్సిస్‌లు ఉండేవి. జపాన్ సంస్థ యస్కావా 1977లో మోటోమన్ ఎల్10ను ఐదు యాక్సిస్‌లతోనే తెచ్చింది. మరి ఇప్పటి వెల్డింగ్ రోబోలన్నీ దాదాపు ఆరు యాక్సిస్‌లతోనే ఎందుకు వస్తున్నాయి? ఆ అదనపు ఒక్కటీ చేసే పని డబ్బా లెక్కలో బయటపడుతుంది.

కీళ్లలో ముఖ్యంగా రెండు రకాలు. తలుపు బందులా ఒక ఇరుసు చుట్టూ తిరిగేది రివల్యూట్ జాయింట్. సొరుగులా ముందుకు వెనక్కు జారేది ప్రిస్మాటిక్ జాయింట్. ఫ్యాక్టరీలో మొదట పనికి దిగిన రోబో యూనిమేట్‌లో రెండూ ఉండేవి. 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో జనరల్ మోటార్స్ కర్మాగారంలో దాన్ని బిగించారు. దాని బరువైన చెయ్యి నేల మీద గుండ్రంగా తిరిగేది, పైకి కిందికి వంగేది, టెలిస్కోప్ గొట్టంలా బయటికి సాగేది. అది అందుకోగల జాగాను గీస్తే గుల్ల గోళంలోంచి కోసిన ముక్కలా ఉంటుంది. 1969లో స్టాన్‌ఫర్డ్‌లో విక్టర్ షైన్‌మన్ తయారుచేసిన ఆరు కీళ్ల విద్యుత్ చేతిలోనూ ఒక కీలు జారేదే.

ఆర్క్ వెల్డింగ్ రోబోల చేతిలో జారే కీలు ఇప్పుడు కనిపించదు. అందుకు పెద్ద కారణం స్పాటర్, అంటే వెల్డింగ్‌లో చిమ్మే కరిగిన లోహపు తుంపరలు. జారే కీలుకు పొడవైన పట్టా కావాలి. దాని మీద తుంపరలు, దుమ్ము పడకుండా మడతల తొడుగు వెయ్యాలి, అది చిరిగితే కీలు అరిగిపోతుంది. తిరిగే కీలుకు ఇరుసు చుట్టూ ఒక సీలు చాలు. పైగా జారే చెయ్యి లోపలికి వచ్చినప్పుడు దాని తోక వెనక్కు పొడుచుకుని ఉంటుంది, ఆ జాగా కూడా వదలాలి. తిరిగే కీళ్ల చెయ్యి తనలోకి తాను మడుచుకుంటుంది. అందుకే జారే కీలు చేతిలోంచి బయటికి వెళ్లింది. పొడవైన ఛాసిస్‌లు వెల్డ్ చేసేటప్పుడు రోబో మొత్తాన్ని పట్టా మీద నడిపించడానికో, పైనుంచి దూలానికి వేలాడదీసి జరపడానికో దాన్ని వాడుతున్నారు.

ఇప్పుడు 1440 దగ్గరికి వద్దాం. యస్కావా ఏఆర్1440 ఇలాంటి రీచ్ ఉన్న వెల్డింగ్ రోబో. ఫానుక్ ఆర్క్ మేట్ 100ఐడీ రీచ్ కూడా దాదాపు అంతే, 1441. యస్కావా వాళ్లు ఆరు కీళ్లకు ఎస్, ఎల్, యూ, ఆర్, బీ, టీ అని పేర్లు పెట్టారు. ఎస్ నడుము, ఎల్ భుజం, యూ మోచేయి. ఆర్ ముంజేతిని మెలితిప్పుతుంది, బీ మణికట్టును వంచుతుంది, టీ చివరి పళ్లేన్ని తిప్పుతుంది. మొదటి మూడూ మణికట్టును కావలసిన చోటికి చేరుస్తాయి. చివరి మూడింటి ఇరుసులూ ఒకే బిందువు దగ్గర కలుసుకుని టార్చ్‌ను కావలసిన వైపు తిప్పుతాయి. ఇలా మూడు ఇరుసులు ఒకచోట కలిస్తే కీళ్ల కోణాలను సూటిగా సమీకరణాలతో తేల్చవచ్చని డోనాల్డ్ పైపర్ 1968లో తన స్టాన్‌ఫర్డ్ థీసిస్‌లో చూపించాడు. కోరుకున్న చోటుకు కోణాలు వెతికే పని రెండు చిన్న లెక్కలుగా విడిపోతుంది.

ఆ 1440 ఎలా వచ్చిందో విడదీసి చూస్తే సంగతి తేటపడుతుంది. నడుము ఇరుసు నుంచి భుజం సుమారు 155 మి.మీ. ముందుకు ఉంటుంది. భుజం నుంచి మోచేయి దాకా దాదాపు 615. మోచేయి నుంచి మణికట్టు బిందువు దాకా 670. మూడూ కలిపితే 1440. అంటే కేటలాగ్ చెప్పేది చెయ్యి కర్రలా చాపినప్పుడు మణికట్టు చేరే దూరం. తీగ కొస దాని కంటే ఇంకా అవతల ఉంటుంది. ఆ మిగిలిన దూరం కలిసి వస్తుందో, తీసివేతలోకి పోతుందో టార్చ్ వాలును బట్టే తేలుతుంది.

చెయ్యి కర్రలా చాచి వెల్డ్ చెయ్యడం కుదరదు. పూర్తిగా చాపిన చోట మోచేయి ఇరుక్కుపోతుంది. అక్కడ మణికట్టు ఒక మిల్లీమీటరు లోపలికి రావాలన్నా మోచేయి చాలా తిరగాలి. అందుకని భుజం నుంచి మణికట్టు దూరంలో తొంభై శాతం దాకానే వాడుకోవాలని ఈ లెక్కకు నియమం పెట్టుకుందాం. భుజం నేల నుంచి 850 మి.మీ. ఎత్తున, టేబుల్ 700 ఎత్తున ఉంటే, నడుము ఇరుసు నుంచి మణికట్టు పనికి పోగల దూరం సుమారు 1300 దగ్గర ఆగిపోతుంది. దగ్గర వైపు కూడా ఒక హద్దుంటుంది. చెయ్యి ఎంత మడిచినా మణికట్టు తన నడుములోకి రాలేదు. ఈ ఉదాహరణకు ఆ లోపలి హద్దు 400 అనుకుందాం. అసలు రోబోకు అది ఎంతో కేటలాగ్‌లోని పక్కచూపు బొమ్మలో గీసి ఉంటుంది.

ఇక డబ్బా. నిలువు గోడ, అడ్డపలక కలిసే మూలలో వేసే ఫిల్లెట్ వెల్డుకు తీగ రెండింటికీ మధ్యగా, 45 డిగ్రీల వాలున రావాలి. మణికట్టు నుంచి తీగ కొస దాకా 450 మి.మీ. ఉండే నిటారు టార్చ్ బిగించామనుకుందాం. 45 డిగ్రీల వాలులో మణికట్టు వెల్డు గీతకు 318 పైన, 318 బయటి వైపు ఉంటుంది. బయటి వైపు అన్నది ముఖ్యం. రోబోకు దగ్గరి గోడ దగ్గర ‘బయట’ అంటే రోబో వైపు. దూరపు గోడ దగ్గర ‘బయట’ అంటే డబ్బా అవతల.

డబ్బా దగ్గరి గోడ నడుము ఇరుసుకు ఎంత దూరంలో ఉండాలి? ఆ గోడను వెల్డ్ చేసేటప్పుడు మణికట్టు 318 వెనక్కు వస్తుంది. లోపలి హద్దు 400 దాటకుండా ఉండాలంటే గోడ కనీసం 720 దూరంలో ఉండాలి. దూరపు గోడ ఇంకో 500 అవతల, దానికి అవతల 318లో మణికట్టు. అది 1300 దాటకూడదంటే దగ్గరి గోడ 480 లోపే ఉండాలి. 720 కంటే ఎక్కువ, 480 కంటే తక్కువ! అలాంటి చోటు నేల మీద లేదు. 1440 రీచ్ ఉన్న రోబో అర మీటరు డబ్బాను చుట్టి రాలేకపోయింది.

అందుకే ఇంజినీర్లు రెండు రకాల జాగాలను వేరువేరుగా చూస్తారు. తీగ కొస ఎలాగోలా, ఏదో ఒక కోణంలో తాకగల జాగా ఒకటి. కావలసిన ప్రతి కోణంలోనూ తాకగల జాగా మరొకటి. మొదటిది పెద్దది, కేటలాగ్‌లో గీసిన బొమ్మ దానికి దగ్గరగా ఉంటుంది. రెండోది దాని లోపల ఎక్కడో చిన్నగా ఉంటుంది, టార్చ్ పొడవు పెరిగే కొద్దీ ఇంకా కుంచించుకుపోతుంది. ఏ కేటలాగూ దాన్ని గీసివ్వదు, ఎందుకంటే ఏ టార్చ్ బిగిస్తారో రోబో తయారుచేసినవాళ్లకు తెలియదు.

నిటారు టార్చ్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. దగ్గరి గోడను వెల్డ్ చేసేటప్పుడు ఈ కొలతల్లో ముంజేయి కిందికి దాదాపు 45 నుంచి 60 డిగ్రీల వాలున దిగుతుంది. టార్చ్ వాలూ 45 డిగ్రీలే, అదే దిశలో. ముంజేయి, టార్చ్ దాదాపు ఒకే గీతలోకి వస్తాయి, అంటే మణికట్టు వంపు సున్నాకు చేరువవుతుంది. అప్పుడు ఆర్, టీ రెండు కీళ్లూ ఒకే ఇరుసు చుట్టూ తిరుగుతున్నట్టవుతాయి. ఆరు కీళ్లున్నా ఐదింటి పనే జరుగుతుంది. దీన్ని సింగ్యులారిటీ అంటారు. అక్కడ టార్చ్ వాలును కాస్త పక్కకు మార్చాలన్నా ఆర్ ఒకవైపు, టీ ఎదురువైపు చాలా డిగ్రీలు గిర్రున తిరగాల్సి వస్తుంది.

వెల్డు మీద ఇది స్పష్టంగా కనబడుతుంది. తీగ కొస సెకనుకు 8 మి.మీ. వేగంతో సాగుతోందనుకుందాం. ఆర్ కీలు తన వేగపు హద్దు తాకేసరికి కంట్రోలర్ అలారం ఇచ్చి ఆగుతుంది, లేదా కొస వేగాన్ని తగ్గిస్తుంది. వేగం 4కు పడిపోయినా తీగ మాత్రం అదే వేగంతో కరుగుతూ వస్తూనే ఉంటుంది. ప్రతి మిల్లీమీటరుకూ రెండింతల లోహం పడుతుంది. సాఫీగా పోతున్న బీడ్ మధ్యలో ఒక్కచోట ఉబ్బుగా కనిపిస్తుంది, పలుచని రేకయితే బొక్క పడుతుంది. కరెంటు, వోల్టేజీ సరిగానే ఉండి, ప్రతి డబ్బాకూ అదే చోట అదే ఉబ్బు వస్తుంటే, తప్పు వెల్డింగ్ మెషీనుది అనుకునే ముందు టీచ్ పెండెంట్ తెర మీద ఆ చోట బీ కీలు కోణం ఎంతుందో చూడాలి. సున్నాకు దగ్గర్లో ఉంటే దొంగ దొరికినట్టే. వెల్డ్ చేస్తుండగా టార్చ్ కేబుల్ ఉన్నట్టుండి కొరడాలా ఊగడం మరో గుర్తు.

ఈ రెండు చిక్కులకూ మందు ఒకటే: వంగిన మెడ. రోబో టార్చ్‌లు 22, 35, 45 డిగ్రీల మెడ వంపుల్లో దొరకడం ఇందుకే. మొత్తం పొడవు అదే 450 ఉంచి, మణికట్టు నుంచి 300 సూటిగా పోయి, చివరి 150 ముక్క 45 డిగ్రీలు వంగిన టార్చ్ తీసుకుందాం. ఆరో యాక్సిస్ పని ఇక్కడే మొదలవుతుంది. నిటారు టార్చ్‌లో టీ కీలు తీగ చుట్టూనే తిరుగుతుంది. ఎంత తిప్పినా మణికట్టు కదలదు, వెల్డు మారదు. ఆరు యాక్సిస్‌ల రోబో కొన్నా ఒకటి ఖాళీగా కూర్చుంటుంది. మెడ వంగితే లెక్క మారిపోతుంది. తీగ కొసను, తీగ వాలును చెక్కుచెదరకుండా ఉంచి, టార్చ్ ఒంటిని తీగ చుట్టూ తిప్పుకోవచ్చు. అప్పుడు మణికట్టు గాలిలో ఒక పెద్ద వృత్తం గీస్తుంది. మనిషి అరచేతిని బల్ల మీద ఆనించి, చెయ్యి కదపకుండా మోచేతిని పైకీ కిందికీ ఊపగలిగినట్టే ఇది. ఆ వృత్తం మీద ఏ చోటు ఎంచుకున్నా వెల్డు ఒకటే.

మన డబ్బాకు ఆ వృత్తం మీద ఒక చోట టార్చ్ ఒళ్లు నిట్టనిలువుగా నిలుస్తుంది. తీగ మాత్రం 45 డిగ్రీల వాలులోనే ఉంటుంది. అప్పుడు మణికట్టు వెల్డు గీత నుంచి బయటికి 106 మి.మీ. మాత్రమే పోతుంది, ముందు 318 పోయేది. ఇప్పుడు దగ్గరి గోడ 510 దూరంలో ఉన్నా లోపలి హద్దు అడ్డం రాదు. దూరపు మూలల దగ్గర, మణికట్టు పక్కకూ అవతలికీ రెండు వైపులా జరిగే చోట లెక్క వేస్తే, దగ్గరి గోడ 570 దాటకూడదని తేలుతుంది. ముంజేయి వాలుగా, టార్చ్ నిలువుగా ఉండటంతో మణికట్టు వంపు సున్నాకు దూరంగానే ఉంటుంది. కుదరదన్న పని కుదిరింది.

కుదిరింది గానీ, సందు ఆరు సెంటీమీటర్లే. డబ్బా 510 నుంచి 570 మధ్యలో కూర్చోవాలి. ఫిక్స్‌చర్ కాస్త పక్కకు జరిగినా, డబ్బా కొలత పెరిగినా, గోడ ఎత్తు 150 నుంచి 350 అయి ముంజేతికి తగులుతున్నా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఇంకో ఇబ్బంది టీ కీలుది. టార్చ్ నిలువుగా ఉండి డబ్బా చుట్టూ ఒక చుట్టు చుడితే, నాలుగు గోడలకూ ముఖం తిప్పుకుంటూ అది పూర్తి 360 డిగ్రీలు మెలిపడుతుంది. దానితో పాటు తీగ, గ్యాస్, కరెంటు పోయే కేబుల్ కూడా. అందుకే ప్రోగ్రామ్ రాసేవాళ్లు ఒకే ఊపులో చుట్టరు. ఒకచోట మొదలుపెట్టి సగం ఒకవైపు, తిరిగి వచ్చి మిగతా సగం ఇంకోవైపు వేస్తారు.

ఇంత ఇరుకులో పని చెయ్యడం ఇష్టం లేకపోతే ఏడో యాక్సిస్ కొనాలి, కానీ చేతికి కాదు. డబ్బాను గుండ్రంగా తిప్పే పొజిషనర్‌కు. మణికట్టుకు ముందు ఇంకో కీలు కలిపి ఏడు యాక్సిస్‌లున్న వెల్డింగ్ రోబోలూ ఉన్నాయి, యస్కావా వీఏ1400 అలాంటిదే. ఇరుకు మూలల్లోకి మోచేతిని పక్కకు తప్పించి దూరడానికి అది పనికొస్తుంది. మన డబ్బాకు మాత్రం పొజిషనరే చవక.

డబ్బాను తిరిగే బల్ల మీద పెడితే దూరపు గోడ అనేదే ఉండదు. ఏ గోడ వంతు వస్తే ఆ గోడ రోబో ముందుకు వస్తుంది. అదే వంగిన టార్చ్‌తో లెక్క వేస్తే, బల్ల నడిబొడ్డు నడుము ఇరుసుకు సుమారు 910 నుంచి 1570 మి.మీ. దూరం దాకా ఎక్కడున్నా మణికట్టు హద్దులు దాటదు. ఆరు సెంటీమీటర్ల సందు అరవై ఆరు సెంటీమీటర్లయింది. టీ కీలు మెలిపడటం కూడా పోయింది. మూల తిరిగే పని బల్లే చేస్తుంది, రోబో, బల్ల ఒకే కంట్రోలర్ కింద కలిసి కదిలితే బీడ్ మూల దగ్గర తెగకుండా సాగుతుంది. బల్లను వంచగల రెండో యాక్సిస్ కూడా ఉంటే, పలకను 45 డిగ్రీలు వాల్చి మూలను దొన్నెలా పైకి తిప్పవచ్చు. కరిగిన లోహం కిందికి జారకుండా మూలలోనే నిలుస్తుంది, కాబట్టి కాస్త ఎక్కువ వేగంతో, పెద్ద బీడ్ వెయ్యవచ్చు. తీగ నిలువుగా దిగుతుంది కాబట్టి మణికట్టు ఎక్కడుండాలన్న లెక్క మాత్రం మళ్లీ వెయ్యాల్సిందే.

బల్ల పెట్టడంతో ఖర్చు ఆగదు. తిరిగే డబ్బా మూలలు నడిబొడ్డు నుంచి 470 మి.మీ. దాకా ఊడుస్తాయి, ఆ వలయంలో క్లాంపులు, కేబుళ్లు, మనుషులు ఉండకూడదు. బల్ల ఇరుసు రోబో లెక్కలో ఒక మిల్లీమీటరు తప్పుగా నమోదైతే ఒక గోడకు సరిగ్గా పడిన తీగ ఎదుటి గోడకు రెండు మిల్లీమీటర్లు పక్కకు పడుతుంది. తీగ కొస మణికట్టుకు ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత తప్పినా ఇదే రకం తంటా, టార్చ్ దేన్నన్నా గుద్దుకుని మెడ కాస్త వంగితే చాలు. ఈ కొలత సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి బల్ల మీద ఒక సూది మొన నిలబెట్టి, తీగ కొసను దానికి ఆనించి, కొస కదలకుండా టార్చ్‌ను వేరువేరు వాలులకు తిప్పుతారు. కొలత సరిగా ఉంటే కొస సూది మీదే ఉంటుంది, తప్పయితే పక్కకు జారుతుంది.

జాగా లెక్కలో మరిచిపోయేది ఇంకొకటుంది. టార్చ్ ముక్కు మీద పేరుకున్న తుంపరలను గీకి, తీగను కత్తిరించే క్లీనింగ్ స్టేషన్ కూడా రోబో చేతికి అందాలి. అదీ టార్చ్‌ను నిట్టనిలువుగా దించాల్సిన చోటు. కంచె మూలలో ఖాళీ ఉంది కదా అని దాన్ని అక్కడ బిగించేస్తే, రోబో అక్కడిదాకా పోగలుగుతుంది గానీ టార్చ్‌ను నిలువుగా దించలేకపోవచ్చు.

అందుకే సెల్ కట్టేవాళ్లు నేలలో బోల్టుల గుంతలు తవ్వే ముందే కంప్యూటర్లో రోబో, టార్చ్, డబ్బా, క్లాంపులు, కంచె అన్నీ పెట్టి ప్రతి వెల్డు గీత మొదలు, మధ్య, చివర చూస్తారు. అందుతోందా అన్నది మొదటి ప్రశ్న. బీ కీలు సున్నాకు ఎంత దూరంలో ఉంది, మోచేయి ఎంత చాపి ఉంది, ఆర్, టీ కీళ్లు తమ హద్దులకు ఎంత దగ్గర్లో ఉన్నాయన్నవి తర్వాతివి. రోబో వచ్చాక ఆర్క్ వెలిగించకుండా అవే గీతల మీద ఒకసారి నెమ్మదిగా, ఇంకోసారి పూర్తి వేగంతో నడిపిస్తారు. నెమ్మదిగా నడిచినప్పుడు సింగ్యులారిటీ దగ్గరి కుదుపు తెలియకపోవచ్చు. పూర్తి వేగంలో ముంజేయి ఒక్కసారిగా గిర్రున మెలితిరిగితే కంటికే తెలిసిపోతుంది. ఆ చోట మెడను తీగ చుట్టూ పది, ఇరవై డిగ్రీలు తిప్పి మళ్లీ టీచ్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది. సరిపోకపోతే రోబో కింది స్టూలు ఎత్తు మార్చాలి, లేదా బల్లను జరపాలి.